రింగులు సాగిపోకుండా రంగు వేసుకోవడం ఎలా?

ప్రశ్న: నా వయసు 36. పుట్టుకతోనే బిగుతైన రింగుల జుట్టు, నల్లగా ఒత్తుగా ఉంటుంది. మూడేళ్ల క్రితం సెలూన్‌లో జుట్టంతా తేనెరంగు వేయించుకున్నాను. రంగు బాగానే వచ్చింది గానీ రింగులు సాగిపోయి, కొసలు చీపురు పుల్లల్లా తయారయ్యాయి. కత్తిరించుకుంటూ రాగా ఇప్పుడు చివర ఐదంగుళాలు మాత్రమే ఆ పాత జుట్టు మిగిలింది. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు మొదలయ్యాయి కనుక మళ్లీ రంగు వేసుకోవాలనుంది. అమోనియా లేని రంగైతే రింగులకు ఏమీ కాదంటున్నారు. నిజమేనా? ఈసారి రింగులూ తేమా పోకుండా ఇంట్లోనే వేసుకోవచ్చా?

సమాధానం: ఆ మాటలో నిజం కొంతే ఉంది, ఆ కొంత కూడా ఎక్కువగా వాసనకు సంబంధించినదే. శాశ్వత రంగు వెంట్రుక లోపలికి చేరాలంటే పైన చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి పరచుకుని ఉన్న పొర విచ్చుకోవాలి. దానిని విప్పడానికి క్షారం కావాలి. అమోనియా చేసే పని అదే. అమోనియా వేయని కంపెనీ ఆ స్థానంలో సాధారణంగా ఎథనాలమైన్ అనే మరో క్షారాన్ని వేస్తుంది. అది గాలిలో అంత తేలికగా ఆవిరి కాదు గనుక ఘాటు తెలియదు. ఆవిరి కాదు గనుకనే, బాగా కడగకపోతే వెంట్రుకలోనే నిలిచిపోతుంది. కాబట్టి ప్యాకెట్ మీద అమోనియా లేదని రాసి ఉన్నంత మాత్రాన మీ రింగులకు హామీ దొరికినట్టు కాదు. మీ రింగులను నిర్ణయించేది మరొకటి: సహజమైన నలుపు నుంచి మీరు ఎంత లేతరంగుకు వెళ్తున్నారన్నది. మూడేళ్ల క్రితం మీ జుట్టుకు జరిగింది రంగు వేయడం కాదు, ముందు రంగు తీసేయడం.

నల్లని వెంట్రుక మీద తేనెరంగు పూసినంత మాత్రాన కనిపించదు. వెంట్రుక మధ్యభాగంలో ఉన్న మెలనిన్ అనే నల్లని రంగుద్రవ్యాన్ని ముందుగా బ్లీచ్‌తో విరగ్గొట్టి, ఆ తరువాతనే కావలసిన ఛాయ ఎక్కించాలి. బ్లీచ్‌లో ఉండే పెరాక్సైడ్, పర్‌సల్ఫేట్ అనే ఆక్సీకరణ పదార్థాలకు మెలనిన్ ఏదో, వెంట్రుకను కట్టి ఉంచే ప్రోటీన్ ఏదో తెలియదు. మెలనిన్‌ను కొడుతూనే అవి కెరటిన్ పోగులను ఒకదానితో ఒకటి ముడివేసే గంధకపు బంధాలను కూడా తెంచుతాయి. రింగు ఆకారం కుదురులోనే, వంపు తిరిగిన కుదురు నుంచి వెంట్రుక బయటకు వచ్చేటప్పుడే ఏర్పడుతుంది, ఆ ఆకారాన్ని గట్టిగా పట్టి ఉంచేవాటిలో ఈ బంధాలు ముఖ్యమైనవి. నీటితో తడిస్తే తెగి ఆరగానే మళ్లీ అతుక్కునే బలహీన బంధాలు వేరే ఉన్నాయి. తలస్నానం చేసినప్పుడు రింగులు పొడవుగా సాగి, ఆరాక మళ్లీ చుట్టుకునేది వాటి వల్లనే. గంధకపు బంధం అలాంటిది కాదు. ఆక్సీకరణతో అది మరో ఆమ్లంగా మారిపోయిందంటే, ఆ తరువాత ఏ మాస్కు పెట్టినా, ఏ నూనె రాసినా, ఆ ముడి మళ్లీ పడదు. మీ కొసలు చీపురు పుల్లల్లా ఉండటానికి కారణం అవి ఎండిపోవడం ఒక్కటే కాదు, వాటికి ఆకారాన్నిచ్చే కట్టు కూడా వదులైపోయింది.

ఇక రెండో నష్టం తేమకు సంబంధించినది. వెంట్రుక పైపొలుసుల మీద పుట్టుకతోనే పలుచని కొవ్వు పొర ఒకటి అతుక్కుని ఉంటుంది. నీరు లోపలికి విపరీతంగా చొరబడకుండా, వెంట్రుకలు ఒకదానితో ఒకటి రాసుకోకుండా చూసేది అదే. క్షారంతో కలిసిన పెరాక్సైడ్ ఈ పొరను చాలావరకు ఊడదీస్తుంది. బ్లీచ్‌తోనే కాదు, మామూలు శాశ్వత రంగుతో కూడా ఇది కొంత జరుగుతుంది. సాఫీగా ఉండే జుట్టులో తల నుంచి వచ్చే సహజమైన జిడ్డు జారుకుంటూ కొసల దాకా పోయి ఈ లోటును కొంత పూడుస్తుంది. రింగుల జుట్టులో ఆ జిడ్డు ప్రతి మలుపు దగ్గరా ఆగిపోతుంది, కొసలకు చేరేది చాలా తక్కువ. అందుకే ఒకే రంగు ఒకే రోజు వేసుకున్న ఇద్దరిలో రింగుల జుట్టు ఉన్నవారి కొసలే ముందు గరుకుబారతాయి.

ఇప్పుడు మీ విషయానికి వద్దాం. జుట్టు రంగును 1 నుంచి 10 అంకెలతో కొలవడం ఈ వృత్తిలో వాడుక, 1 అంటే నలుపు, 10 అంటే అతి లేత పసుపు. రంగు ట్యూబు మీద చుక్కకు ముందు కనిపించే అంకె ఇదే, చుక్క తరువాతి అంకె ఛాయను చెబుతుంది. మీరు చెప్పిన దానిని బట్టి మీ సహజ రంగు 2 దగ్గర ఉంటుంది. తేనెరంగు 7 లేదా 8. అంత దూరం బ్లీచ్ లేకుండా వెళ్లడం కుదరదు, బ్లీచ్‌తో వెళ్తే రింగులు ఎంతో కొంత సాగక తప్పదు. అదే 4 దగ్గర ఆగితే, అంటే వెలుతురులో ముదురు గోధుమగానో రాగిగానో మెరిసి, నీడలో దాదాపు నల్లగా కనిపించే ఛాయ దగ్గర ఆగితే, బ్లీచ్ అవసరమే రాదు. రంగులో కలిపే పెరాక్సైడ్ ద్రవాన్ని డెవలపర్ అంటారు. 6 శాతం డెవలపర్, అంటే సీసా మీద 20 వాల్యూమ్ అని రాసి ఉండేది, మామూలు శాశ్వత రంగుతో కలిపి రెండు మెట్లు లేత చేస్తుంది. తెల్లవెంట్రుకలను కప్పడానికి సిఫారసు చేసేది కూడా ఆ 6 శాతమే. మీకు కావలసిన రెండు పనులూ ఒకే గిన్నెలో అయిపోతాయి. 9 శాతం, 12 శాతం డెవలపర్లతో ఇంకో మెట్టు లాగవచ్చని చెప్పేవారుంటారు. రింగుల జుట్టు మీద, అందులోనూ ఇంట్లో, వాటి జోలికి పోవద్దని నేను గట్టిగా చెబుతాను.

ఛాయ విషయంలో ఒక హెచ్చరిక. నల్లని జుట్టును కొద్దిగా లేత చేస్తే లోపల నుంచి ఎరుపు బయటపడుతుంది, అది లోపం కాదు, స్వభావం. దానితో పోట్లాడే బూడిదఛాయలను ఎన్నుకుంటే రంగు మురికిగా, కళ లేకుండా తేలుతుంది. రాగి, మహోగని, వెచ్చని చాక్లెట్ ఛాయలు ఆ ఎరుపుతో కలిసిపోతాయి. పైగా గరుకుబారిన రింగుల మీద వెలుతురు చెదిరిపోతుంది కనుక వెచ్చని ఛాయలే మెరుపు ఉన్నట్టు కనబడతాయి.

తేనెరంగు మీద మనసు చావకపోతే దానికీ ఒక దారి ఉంది. జుట్టంతా కాకుండా ముఖం చుట్టూ, పైపొరలో ఏడెనిమిది సన్నని పాయలకు మాత్రమే బ్లీచ్ పెట్టించుకోవడం. రింగుల జుట్టులో పైన కనిపించే పాయల రంగే మొత్తం జుట్టు రంగుగా కంటికి తోస్తుంది, పది శాతం జుట్టు కూడా ముట్టుకోకుండానే మార్పు తెలుస్తుంది. ఆ ఏడెనిమిది పాయల్లో రింగు కాస్త వదులైనా పక్కనున్న పాయలు దానిని కలుపుకుని పోతాయి. అయితే ఈ పని మాత్రం ఇంట్లో చేసుకునేది కాదు. రింగులను లాగి సాపు చేయకుండా, అవి పడే తీరులోనే పొడిగా ఉన్నప్పుడు చూసి పాయలు ఎంచుకునే వారి చేతనే చేయించుకోవాలి.

ఏ దారి ఎంచుకున్నా, మొదలుపెట్టేముందు ఒక పరీక్ష చేయమని నేను అందరికీ చెబుతాను. మామూలుగా పాయ పరీక్ష అంటే రంగు ఎలా తేలుతుందో చూడటానికే చేస్తారు, రింగుల జుట్టుకు అది చాలదు, రింగు ఎంత మిగిలిందో కూడా కొలవాలి. మెడ వెనుక, లోపలి పొరలో నుంచి అగ్గిపుల్లంత మందం ఉన్న రెండు పాయలు, రెండూ మీ కొత్త నల్లని జుట్టులోనివే వచ్చేటట్టు, కత్తిరించి, ఒక్కోదాని పైకొనను దారంతో బిగించి కట్టండి. కడిగి, ఏమీ రాయకుండా వేలాడదీసి పూర్తిగా ఆరనివ్వండి. స్కేలు పక్కన పెట్టి, వదిలేస్తే ఎంత పొడవు ఉంది, చివర పట్టుకుని నిటారుగా లాగితే ఎంత ఉంది అన్నవి రెండూ రాసుకోండి. తరువాత ఒక పాయకు మీరు అనుకున్న రంగును, అనుకున్న సమయమే పెట్టి, కడిగి, కండిషనర్ రాసి, మళ్లీ కడిగి, మళ్లీ అదే విధంగా ఆరబెట్టి కొలవండి. రెండో పాయను పోల్చి చూడటానికి అలాగే ఉంచండి. తడి పాయను కొలిస్తే లెక్క తప్పుతుంది, నీటి బరువుకే అది సాగి ఉంటుంది.

ఒకసారి మీలాంటి జుట్టే ఉన్న ఒకామె తేనెరంగు కోసమే నా దగ్గరకు వచ్చింది. ఆమె పాయలు లాగితే 30 సెంటీమీటర్లు, వదిలితే 17. ఒక పాయకు 6 శాతం డెవలపర్‌తో 4వ మెట్టు రాగిఛాయ వేశాను, ఆరిన తరువాత అది 17న్నర దగ్గర నిలిచింది. రెండో పాయకు తేనెరంగు వచ్చేదాకా బ్లీచ్ పెట్టాను. అది 21 సెంటీమీటర్లకు జారింది, పైగా కొసల వైపు రింగు అనేది లేకుండా మెత్తగా వాలిపోయింది. రెండు పాయలనూ ఆమె అరచేతిలో పక్కపక్కన పెట్టాను. మరో వాదన చేయవలసిన అవసరం రాలేదు. జుట్టంతా రాగిఛాయ, నుదుటి దగ్గర ఆరు సన్నని పాయలకు తేనెరంగు అని తేల్చుకుని వెళ్లింది. మీ పాయలో తేడా ఒక సెంటీమీటరు లోపు ఉంటే ధైర్యంగా ముందుకు వెళ్లండి. రెండు దాటితే ఆ రంగు మీ జుట్టుకు పనికిరాదు, ఇంకా లేతదైతే చెప్పనక్కరలేదు.

అదే పాయను తడిగా ఉన్నప్పుడు రెండు వేళ్ల మధ్య మెల్లగా లాగి చూడటం కూడా అలవాటు చేసుకోండి. బాగున్న వెంట్రుక తడిలో కొద్దిగా సాగి, వదలగానే వెనక్కి వస్తుంది. సాగి సాగి బంకలా వేలాడిపోతే లోపలి కట్టు తెగిపోయినట్టు. ఏమాత్రం సాగకుండానే పుటుక్కున తెగితే అది పెళుసుబారినట్టు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ జుట్టుకు పెరాక్సైడ్ ఉన్న రంగు వేయకూడదు.

పరీక్షల మాట వచ్చింది కనుక మరో రెండు. శాశ్వత రంగుల్లో పీపీడీ అనే రంగు రసాయనం గానీ దానికి దగ్గరి పదార్థం గానీ ఉంటుంది, ఇవి కొందరికి తీవ్రమైన అలర్జీ తెప్పిస్తాయి. ఇంతకుముందు పడిందన్నది భరోసా కాదు, ఎన్నోసారికైనా రావచ్చు. ప్యాకెట్‌లో చెప్పిన విధంగా చెవి వెనుకో మోచేతి మడతలోనో కొద్దిగా రాసి 48 గంటలు చూడండి. దురద, ఎరుపు, వాపు ఏది కనిపించినా ఆ రంగు మానేయండి. ముఖం గానీ కళ్లు గానీ వాచినా, ఊపిరి ఆడకపోయినా వెంటనే వైద్యుని దగ్గరకు వెళ్లాలి. ఇక, ఈ మూడేళ్లలో ఎప్పుడైనా హెన్నా పొడి అని పెట్టుకుని ఉంటే సెలూన్‌లో ఆ సంగతి తప్పక చెప్పండి. అచ్చమైన ఆకుపొడితో పెద్ద చిక్కు లేదు, లోహ లవణాలు కలిపిన పొడులు మాత్రం పెరాక్సైడ్ తగలగానే వేడెక్కి జుట్టును కాల్చేస్తాయి. పాయ పరీక్షలో వేడి, పొగ, ఆకుపచ్చ రంగు కనిపిస్తే కారణం చాలావరకు ఇదే.

రంగు వేసుకునే రోజుకు రెండు రోజుల ముందు తలస్నానం ముగించండి. పేరుకున్న నూనె, జెల్, క్రీములు వదిలేటట్టు ఒకసారి బాగా శుభ్రపరిచే షాంపూ వాడి, కండిషనర్‌తో చిక్కులు పూర్తిగా తీసేయండి. రంగు పట్టించాక చిక్కు తీయడం కంటే చెడ్డపని లేదు, అప్పుడు పొలుసులు విచ్చుకుని ఉంటాయి, ప్రతి దువ్వెన పంటికీ కొన్ని ఊడిపోతాయి. తేలికగా ఉంటుందని ఇస్త్రీ యంత్రంతో జుట్టును సాపు చేసుకుని రంగు వేసేవారిని చూశాను, ఒకే వారంలో వేడినీ పెరాక్సైడ్‌నూ రెండింటినీ పెట్టడం అది. జడలుగా అల్లి ఆరబెట్టుకుంటే కావలసినంత సాగుతుంది.

జుట్టును కనీసం ఎనిమిది భాగాలు చేసి క్లిప్పులు పెట్టుకోండి. రింగుల జుట్టు లోపల ఎంత ఉంటుందో పైకి కనబడదు, ఒక ప్యాకెట్ సరిపోతుందనుకున్న చోట రెండు పడతాయి, రెండోది ముందుగానే తెచ్చి పెట్టుకోండి. రంగు తక్కువైనప్పుడే మనం దువ్వెనతో లాగి సరిపెట్టడానికి చూస్తాం. ఇక మీ తలమీద మూడు రకాల జుట్టు ఉంది: తలకు దగ్గరగా, శరీరపు వేడి తగిలే అంగుళం భాగం, దాని కింద ఇంతవరకు ఏ రంగూ తగలని పొడవు, అన్నిటికంటే కింద పాత తేనెరంగు ఐదంగుళాలు. మూడింటికీ ఒకే గిన్నెలోది ఒకేసారి పూయడమే సాధారణంగా జరిగే తప్పు.

ముందుగా ఆ ఐదంగుళాలకు, పాత రంగు మొదలయ్యే గీత దాకా, చిక్కని కండిషనర్ దట్టంగా పట్టించి ముడి వేయండి. రంగు జారి అటు వచ్చినా వెంట్రుకను నేరుగా తాకకుండా అది చాలావరకు అడ్డుకుంటుంది. తరువాత మధ్యభాగానికి, కుదుళ్లకు ఒక అంగుళం దూరం వదిలి, బ్రష్‌తో పూసి వేళ్లతో పాయ పాయగా పిసకండి. ప్రతి పాయనూ రెండు వైపులా తిప్పి చూడాలి, రింగు లోపలి వంపులో నల్లగా మిగిలిపోయేది అక్కడే. అంతా పూసేసరికి పదిహేను ఇరవై నిమిషాలు పడుతుంది. అప్పుడు తాజాగా మరి కొంత కలుపుకుని కుదుళ్లకు వేయండి. కలిపి ఉంచేసినది అప్పటికే బలం తగ్గి ఉంటుంది. తల వేడికి కుదుళ్ల దగ్గర రంగు వేగంగా లేతబడుతుంది, అందుకే వాటిని చివరకు ఉంచడం, ముందే వేస్తే మాడు దగ్గర ఎర్రని పట్టీ, కింద నలుపు వచ్చి వింతగా ఉంటుంది. కణతల దగ్గర తెల్లవెంట్రుకలు ఉన్నచోట కాస్త దట్టంగా పూసి, ప్యాకెట్ మీద చెప్పిన సమయం పూర్తిగా ఉంచాలి. తెల్లవెంట్రుక గట్టిది, తొందరపడితే రంగు పట్టదు. అలాగని చెప్పిన సమయం దాటించవద్దు, పైన వేడిగాలీ పట్టవద్దు. రంగు ఎండిపోతే పని ఆగిపోతుంది గనుక వదులుగా ఒక ప్లాస్టిక్ టోపీ పెట్టుకుంటే చాలు.

కడిగేటప్పుడు జుట్టంతా తలమీదకు పోగుచేసి రుద్దకండి. గోరువెచ్చని నీటి ధార కింద నిలబడి, జుట్టును కిందికి వేలాడనిచ్చి, నీళ్లు తేరుకునేదాకా వేళ్లు జార్చుతూ పోనివ్వండి. మొదట చెప్పిన క్షారం పూర్తిగా పోవలసిన చోటు ఇదే, ఇక్కడ పది నిమిషాలు ఎక్కువ పట్టినా నష్టం లేదు. రంగుతో పాటు వచ్చే కండిషనర్ సాధారణంగా ఆమ్లగుణం ఉన్నది. విచ్చుకున్న పొలుసులు సర్దుకోవడానికి అది సాయపడుతుంది, అందువల్ల ఐదు నిమిషాలైనా ఉంచి, అది ఉండగానే వేళ్లతో చిక్కులు తీసి కడగండి. తువ్వాలుతో రుద్దకుండా, మెత్తని పాత కాటన్ చొక్కాతో పాయలను కిందనుంచి పైకి అదిమి నీళ్లు పిండండి.

మిగిలిన ఐదంగుళాల సంగతి. రెండు వారాలు ఆగి వాటికి డెమీ పర్మనెంట్ రంగు వేయండి. ఇది దాదాపు ఏమీ లేత చేయదు, డెవలపర్ కూడా 3 శాతం లేదా అంతకంటే తక్కువ. బ్లీచ్ అయిన కొసలు స్పాంజిలా రంగును పీల్చేస్తాయి, అందువల్ల పైన వేసిన ఛాయ కంటే ఒక మెట్టు లేతది, తప్పనిసరిగా రాగి లేదా బంగారు వెచ్చదనం ఉన్నది ఎంచుకోవాలి. ఆ కొసల్లో సహజమైన ఎరుపు ఏనాడో పోయింది, దానిమీద మామూలు గోధుమరంగు వేస్తే ఆకుపచ్చ మట్టి ఛాయ తేలుతుంది. ప్రతి ఐదు నిమిషాలకూ ఒక పాయ తుడిచి చూసుకోండి, సరిపోయిందనిపించగానే కడిగేయండి. రంగు సరిపోయినా రింగు మాత్రం రాదు. రెండు నెలలకు ఒక అంగుళం చొప్పున కత్తిరిస్తూ పోతే పది నెలల్లో ఆ భాగం పోతుంది, జుట్టు నెలకు సుమారు అర అంగుళం పెరుగుతుంది కనుక మీ పొడవూ అంతగా తగ్గదు. వాటిని తిరిగి రింగులు చేస్తామని చెప్పే ఉత్పత్తుల మీద డబ్బు పెట్టవద్దు.

రంగు వేసిన మొదటి వారంలో రింగులు కాస్త వదులుగా కనిపిస్తే కంగారు పడకండి. కండిషనర్ బరువు కూడా అందుకు కారణం కావచ్చు. మూడు నాలుగు తలస్నానాలు అయ్యాకే తీర్పు చెప్పుకోవాలి. ఆ కొవ్వు పొర తగ్గిన వెంట్రుక నీటిని ఒక్కసారిగా పీల్చుతుంది, అంతే వేగంగా వదిలేస్తుంది. తడిసినప్పుడు ఉబ్బి, ఆరాక ముడుచుకోవడం పదే పదే జరిగితే పొలుసులు మరింత లేస్తాయి, రంగు కూడా ప్రతి స్నానంలో కొంత కొంత నీటితోనే పోతుంది. షాంపూ ఎంత మృదువైనదన్నది ముఖ్యమే గానీ, ఎన్నిసార్లు తడుపుతున్నామన్నది అంతకంటే ముఖ్యం. వారానికి ఒకసారి సల్ఫేట్ లేని షాంపూ, మధ్యలో అవసరమైతే కండిషనర్‌తో మాత్రమే కడగడం చాలు.

స్నానానికి కొన్ని గంటల ముందు కొసలకు కొద్దిగా కొబ్బరినూనె రాయడం నిజంగానే పనిచేసే అలవాటు. 2003లో ప్రచురితమైన ఒక పరిశోధనలో కొబ్బరినూనెను పొద్దుతిరుగుడు నూనెతోనూ మినరల్ ఆయిల్‌తోనూ పోల్చి చూశారు. వెంట్రుక లోపలికి చొచ్చుకుపోయి, కడిగేటప్పుడు ప్రోటీన్ పోవడాన్ని తగ్గించినది కొబ్బరినూనె ఒక్కటే. స్నానం తరువాత రాసే నూనెకు ఈ గుణం అంతగా వర్తించదు, అది పైపైన మెరుపు ఇస్తుంది. తలస్నానం అయ్యాక మీకు కావలసింది నీరు కారుతున్న జుట్టుకే లీవ్ ఇన్ కండిషనర్ పట్టించి, దానిపైన జెల్ అదిమి, తక్కువ వేడిలో హెయిర్ డ్రయర్‌కు తగిలించే డిఫ్యూజర్‌తోనో గాలికో కదిలించకుండా ఆరనివ్వడం. సగం ఆరిన జుట్టుకు క్రీము రాస్తే పొర మీద పొర పేరుకోవడం తప్ప తేమ లోపల నిలవదు.

వారానికి ఒకసారి ఇరవై నిమిషాలు డీప్ కండిషనర్ పెట్టండి. ప్రోటీన్ మాస్కులను మాత్రం ఆచితూచి వాడాలి. జుట్టు తడిలో మెత్తగా, బలం లేనట్టు వేలాడుతుంటే నెలకోసారి ప్రోటీన్ ఉపయోగపడుతుంది. ఆరాక గడ్డిలా బిరుసుగా, తాకితే గరగరలాడుతుంటే దానికి కావలసింది ప్రోటీన్ కాదు, అప్పుడు ప్రోటీన్ పెట్టడం ఎండిన తోలును మరింత ఎండబెట్టడమే. ఇస్త్రీ యంత్రాన్ని, ముఖ్యంగా ఆ పాత కొసల మీద, పూర్తిగా పక్కన పెట్టండి. ఈత కొలనులోకి దిగేటట్టయితే ముందు మామూలు నీటితో జుట్టును తడిపి కొంచెం కండిషనర్ రాసుకోండి. అప్పటికే నీరు నిండిన వెంట్రుక క్లోరిన్ నీటిని తక్కువగా పీల్చుతుంది.

ఇక తెల్లవెంట్రుకల కోసం మళ్లీ మళ్లీ వేయవలసి వచ్చినప్పుడు, కొత్తగా పెరిగిన భాగానికి మాత్రమే వేయండి. మీ రింగుల భవిష్యత్తు ఇక్కడే ఉంది, ఎందుకంటే ఒక్కసారి వేసిన 6 శాతం రంగు చేసే హాని చిన్నది, అదే చోట మళ్లీ మళ్లీ పడితే అది పేరుకుంటూ పోతుంది. రింగుల జుట్టులో కొత్త పెరుగుదల చుట్టుకుని దాక్కుంటుంది కనుక సాఫీ జుట్టు వారికి ఆరు వారాలకు కనిపించేది మీకు ఎనిమిది, తొమ్మిది వారాల దాకా కనిపించదు, ఆ వరాన్ని వాడుకోండి. వేసే రోజు ప్రతి పాయనూ లాగి పట్టుకుని, పాత రంగు ఎక్కడ మొదలైందో చూసి, ఆ గీతకు కిందనున్న భాగానికి కండిషనర్ పూసి, అప్పుడు రంగు బ్రష్ పట్టుకోండి. పొడవు భాగం వెలిసినట్టు అనిపిస్తే దానికి పెరాక్సైడ్ లేని రంగు కండిషనర్ చాలు.

కొలతలు రాసుకున్న ఆ కాగితం పారేయవద్దు. రెండోసారి కుదుళ్లకు వేసేముందు మెడ వెనుక అదే చోట నుంచి మరో పాయ తీసి, కడిగి ఆరబెట్టి కొలవండి. లాగిన పొడవు వేరుగా ఉండవచ్చు కనుక, లాగినప్పటి పొడవులో వదిలినప్పటి పొడవు ఎంత వంతో చూడండి. మొదటి పాయలో సగం ఉన్నది ఇప్పుడు మూడింట రెండు వంతులైతే, ఆ విడత శాశ్వత రంగు మాని, తెల్లవెంట్రుకలను పూర్తిగా దాచకపోయినా కలిపి చూపే డెమీ పర్మనెంట్‌తో సరిపెట్టుకోండి.